ఈసీలో కనిపించని తాకట్లు

స్థలం కొనేముందు ఈసీ తీయించనివాళ్లు తెలుగునాట ఇప్పుడు అరుదు. ఆ సర్వే నంబరు మీద ఏ బ్యాంకు తాకట్టు నడుస్తోందో, ఎవరి నుంచి ఎవరికి మారిందో ఆ కాగితంలో తేలిపోతుంది. అదే మనిషి ఒక కంపెనీకి అరకోటి సరుకు అప్పుమీద పంపాల్సి వచ్చినా, ఒక బిల్డర్ దగ్గర ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇవ్వాల్సి వచ్చినా ఆఫీసు హంగు, నలుగురి మాట చూసి సరిపెట్టుకుంటాడు. నిజానికి కంపెనీల తాకట్లకూ ఒక బహిరంగ చిట్టా ఉంది. అందులో భూమి, భవనాలే కాదు, ఈసీలో ఎప్పటికీ కనిపించని తాకట్లూ ఉంటాయి. గోదాములోని సరుకు, షెడ్డులోని యంత్రాలు, కొనుగోలుదార్ల నుంచి రావాల్సిన బాకీలు, చివరికి ట్రేడ్‌మార్కు కూడా.

చట్టం దీన్ని ‘ఛార్జి’ అంటుంది. అప్పుకు హామీగా ఆస్తి మీద రుణదాతకు ఇచ్చిన హక్కు ఏదైనా ఛార్జి కిందికే వస్తుంది. భూమి మార్ట్‌గేజ్, సరుకు హైపోథికేషన్ అందులో రకాలు. 2013 కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఛార్జి సృష్టించిన 30 రోజుల్లో కంపెనీ దాన్ని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర నమోదు చేయించాలి. ఆలస్యమైతే అదనపు రుసుముతో 60వ రోజు దాకా, ఆపైన ఛార్జి మొత్తాన్ని బట్టి లెక్కగట్టే రుసుముతో మరో 60 రోజుల దాకా గడువు దొరుకుతుంది. అంటే మొత్తం 120 రోజులు. ఈ అంకె గుర్తుంటే మంచిది. ఈరోజు శుభ్రంగా కనిపించిన కంపెనీ మూడు నెలల కిందటే ఫ్యాక్టరీని తాకట్టు పెట్టి ఉండొచ్చు. కాగితం మాత్రం ఇంకా రిజిస్ట్రార్‌కు చేరి ఉండకపోవచ్చు.

చూడటం కష్టమేమీ కాదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్ mca.gov.in లో ఖాతా తెరిచి, కంపెనీ పేరు గానీ 21 అక్షరాల సీఐఎన్ గానీ ఇస్తే View Index of Charges కింద పట్టిక వస్తుంది. దీనికి రుసుము లేదు. ఒక్కో వరుసకు ఒక్కో ఛార్జి నంబరు. ఎదురుగా రుణదాత పేరు, చిరునామా, సృష్టించిన తేదీ, సవరించిన తేదీ, తీరిపోయిన తేదీ, మొత్తం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ ‘మొత్తం’ కాలమ్‌ను పైనుంచి కిందికి కూడి, కంపెనీకి ఇన్ని కోట్ల అప్పుందని ప్రకటించేస్తారు. ఆ కూడిక దాదాపు ఎప్పుడూ తప్పే. ఎందుకు తప్పో ఒక ఊహా కంపెనీని తీసుకుని లెక్కవేస్తే అర్థమవుతుంది.

మందుల ముడిసరుకు తయారుచేసే ఒక మధ్యతరహా ఫ్యాక్టరీ అనుకుందాం. పట్టికలో నాలుగు వరుసలున్నాయి. మొదటిది ఒక ప్రభుత్వరంగ బ్యాంకుది. 2016లో 12 కోట్లతో మొదలైంది, రెండుసార్లు సవరించారు, ఇప్పుడు 30 కోట్లు. రెండోది ఒక ప్రైవేటు బ్యాంకుది, 15 కోట్లు. 2022 ఏప్రిల్‌లో తీరిపోయినట్టు తేదీ ఉంది. మూడోది ఒక ఫైనాన్స్ కంపెనీది, 14 కోట్లు. అదీ అదే నెలలో పుట్టింది. నాలుగోది ఏ బ్యాంకూ కాదు, ఒక ట్రస్టీ సంస్థ. 2023లో 40 కోట్లు. తీరిపోయినదాన్ని పక్కన పెట్టి మిగతా మూడూ కూడితే 84 కోట్లు.

ఇప్పుడు అసలు పత్రాలు తెరవాలి. అదే వెబ్‌సైట్‌లో కంపెనీకి వంద రూపాయలు కట్టి View Public Documents ద్వారా ఛార్జి ఫారాలు చూడొచ్చు. ఛార్జి పెట్టినప్పుడు, మార్చినప్పుడు వేసేది CHG-1. డిబెంచర్లకైతే CHG-9. తీర్చినప్పుడు CHG-4. పాత చట్టం నాటివైతే 8వ నంబరు ఫారం, 17వ నంబరు ఫారం అని కనిపిస్తాయి. ఫారం కన్నా దానికి జతచేసిన ఒప్పంద పత్రం ముఖ్యం. ఏ ఆస్తి, ఏ అప్పు కోసం, ఎంత వడ్డీ, ఎన్ని వాయిదాలు అన్నవి అందులో ఉంటాయి. ఇరవై ముప్పై పేజీల స్కాన్ కాగితాలు, కొన్ని వంకరగా, కొన్ని మసకగా. ఓపిక కావాలి.

మన ఫ్యాక్టరీ విషయంలో ట్రస్టీ పత్రం చదివితే చిక్కుముడి విడిపోతుంది. ట్రస్టీ తన డబ్బేమీ ఇవ్వలేదు. అప్పిచ్చినవాళ్లందరి తరఫున హామీ ఆస్తులను తన పేరున పట్టుకుని ఉంటుందంతే. ఈ 40 కోట్లలో 30 కోట్లు మొదటి వరుసలోని బ్యాంకు ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ పరిమితే. కొత్తది 10 కోట్ల టర్మ్ లోన్ మాత్రమే. ఒకే అప్పు రెండు వరుసల్లో లెక్కకు వచ్చింది. రెండోసారి వచ్చినదాన్ని తీసేస్తే 84 కాస్తా 54 అవుతుంది.

అదీ అప్పు కాదు. మంజూరైన గరిష్ఠ పరిమితి. నిజంగా ఎంత బాకీ ఉందో బ్యాలెన్స్ షీట్ చెప్పాలి. అదీ అక్కడే దొరుకుతుంది. అందులో క్యాష్ క్రెడిట్ కింద 27 కోట్లు, టర్మ్ లోన్ 9, ఫైనాన్స్ కంపెనీకి 8 అని ఉందనుకోండి, మొత్తం 44 కోట్లు. పట్టిక కూడికకు ఇది సగానికి కాస్త ఎక్కువ. ఛార్జి మొత్తం మొదట రాసినట్టే ఉండిపోతుంది, వాయిదాలు కట్టినకొద్దీ తగ్గదు. పద్నాలుగులో ఆరు కోట్లు తీర్చేసినా పట్టికలో పద్నాలుగే.

అయితే అంకె తగ్గిందని ఊపిరి పీల్చుకోవడం తొందరపాటు. 30 కోట్ల క్యాష్ క్రెడిట్‌లో 27 వాడేశారంటే రోజువారీ ఖర్చుకు మిగిలిన వెసులుబాటు 3 కోట్లే. పైగా క్యాష్ క్రెడిట్‌లో మంజూరైనదంతా తీసుకోనివ్వరు. నెలనెలా కంపెనీ ఇచ్చే సరుకు, బాకీల లెక్క చూసి, అందులో బ్యాంకు మార్జిన్ తీసేసి మిగిలినంతే ఇస్తారు. సరుకు నిల్వ పడిపోయిన నెలలో ఆ 3 కోట్లు కూడా ఉండకపోవచ్చు.

2022 ఏప్రిల్‌లో జరిగినదాన్ని కూడా ఊరికే వదలకూడదు. ఒక బ్యాంకు ఛార్జి తీరింది, అదే నెలలో ఫైనాన్స్ కంపెనీ వచ్చింది. అప్పు తీరలేదు, చేతులు మారింది. తక్కువ వడ్డీ కోసం మారితే మంచిదే. కానీ పత్రంలో వడ్డీ పెరిగి, గడువు తగ్గి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న స్థలం కూడా హామీలోకి చేరిందంటే, పాత బ్యాంకు పొడిగించడానికి ఇష్టపడలేదేమోనన్న అనుమానం రావాలి. రుణదాతల పేర్లను తేదీల వరుసలో పెట్టి చదివితే కథ తెలుస్తుంది. పెద్ద బ్యాంకులు ఒక్కొక్కటిగా తప్పుకుని, ఫైనాన్స్ కంపెనీలు, ఆ తర్వాత ప్రైవేటు రుణ ఫండ్లు వస్తున్నాయంటే కంపెనీకి డబ్బు ఖరీదవుతోందన్నమాట. ఒకే ఛార్జిని ఏడాదికోసారి పెంచుకుంటూ పోవడం వ్యాపారం పెరుగుదల వల్లా కావచ్చు, పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు వల్లా కావచ్చు. అమ్మకాల అంకె పక్కన పెట్టి చూస్తే తప్ప ఏదో తెలియదు.

సరుకు పంపేవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిన మాట ఒకటుంది. బ్యాంకు పత్రాల్లో సాధారణంగా ‘ఇప్పుడున్న, ఇకముందు రాబోయే సరుకు, బాకీలు అన్నింటి మీదా’ హక్కు అని రాసి ఉంటుంది. ఆ సరుకు రోజూ వస్తూ పోతూ ఉంటుంది. కంపెనీ మామూలుగా నడిచినంతకాలం దాన్ని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బాకీ ఎగ్గొట్టినప్పుడు, లేదా కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లినప్పుడు ఆ క్షణాన గోదాములో ఏముందో దాని మీద బ్యాంకు పట్టు బిగుసుకుంటుంది. అంటే విజయవాడ వ్యాపారి మూడు నెలల అప్పు మీద పంపిన డ్రమ్ములు ఆ ఫ్యాక్టరీ గేటు దాటి కంపెనీ సొత్తయిన మరుక్షణం బ్యాంకు హామీలో భాగమైపోతాయి. ఆయనకు ఇంకా పైసా రాలేదు. కంపెనీ కూలితే హామీ ఉన్న రుణదాతలు, కార్మికుల బకాయిలు ముందు, ఈయన వంతు చాలా వెనక. ఎంత అప్పు మీద సరుకు ఇవ్వాలో నిర్ణయించుకోవడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

హామీలో వరుసలూ ఉంటాయి. ‘ఫస్ట్ ఛార్జి’ ఉన్నవాళ్లు ముందు వసూలు చేసుకుంటారు, ‘సెకండ్ ఛార్జి’ వాళ్లు మిగిలినదాంట్లో. ‘పారీ పాసు’ అంటే ఇద్దరు ముగ్గురు రుణదాతలు తమ అప్పుల నిష్పత్తిలో సమానంగా పంచుకుంటారు. సెకండ్ ఛార్జి మీద అప్పిచ్చినవాళ్లు సహజంగానే ఎక్కువ వడ్డీ అడుగుతారు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరి ఫస్ట్ ఛార్జి ఉండి, ఖాళీ ఆస్తి ఏదీ మిగలలేదంటే ఆ కంపెనీకి కష్టకాలంలో కొత్త అప్పు పుట్టడం కష్టం.

పట్టికలో అసలు బయటపడని రహస్యం ఇంకొకటుంది. అప్పు ఎవరిది? కంపెనీ తన ఆస్తిని తన అప్పుకే తాకట్టు పెట్టాలన్న నియమం లేదు. మాతృసంస్థ తీసుకున్న అప్పుకు కూడా పెట్టొచ్చు. ఇది ఎంతదూరం పోగలదో జేపీ ఇన్‌ఫ్రాటెక్ వ్యవహారం దేశానికి చూపించింది.

గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రాకు వేసిన 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఈ కంపెనీదే. రోడ్డు వేసినందుకు దాని పొడవునా భూములు అభివృద్ధి చేసుకునే హక్కు దక్కింది. ఆ భూముల్లో కట్టే ఫ్లాట్లకు వేలమంది డబ్బు కట్టారు. 2017 ఆగస్టు 9న ఐడీబీఐ బ్యాంకు దరఖాస్తు మీద అలహాబాద్ నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ ప్రారంభించింది. బాధ్యత తీసుకున్న రిజల్యూషన్ ప్రొఫెషనల్ లెక్కలు తిరగేస్తే 858 ఎకరాలు తాకట్టులో ఉన్నట్టు తేలింది. ఆ తాకట్టు మాతృసంస్థ జైప్రకాశ్ అసోసియేట్స్‌కు అప్పిచ్చిన బ్యాంకుల పేరున ఉంది. జేపీ ఇన్‌ఫ్రాటెక్‌కు ఆ అప్పులో ఒక్క రూపాయీ రాలేదు. భూమి ఒకరిది, బాకీ మరొకరిది.

ట్రిబ్యునల్ 2018 మేలో ఆరు లావాదేవీలను, 758 ఎకరాల తాకట్టును చెల్లదంది. అప్పీలు ట్రిబ్యునల్ 2019 ఆగస్టులో ఆ తీర్పును తిరగేసింది. చివరికి 2020 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు మళ్లీ మొదటి తీర్పు వైపే నిలిచింది. దివాలా చట్టం ప్రకారం సంబంధీకులకు లాభం చేకూర్చే లావాదేవీలను దివాలా మొదలైన రోజు నుంచి రెండేళ్లు వెనక్కి వెళ్లి పరిశీలించవచ్చు. బ్యాంకులు ఇవి పాత తాకట్లేనని, వదిలి మళ్లీ రాయించుకున్నవేనని వాదించాయి. కోర్టు ఒప్పుకోలేదు. ఒకసారి వదిలేసి మళ్లీ పెట్టిన తాకట్టు కొత్త తాకట్టే అంది. ఇంకో మాట కూడా తేల్చింది. మాతృసంస్థకు అప్పిచ్చిన ఆ బ్యాంకులు, భూమి తాకట్టు ఉన్నంతమాత్రాన జేపీ ఇన్‌ఫ్రాటెక్‌కు ఆర్థిక రుణదాతలు కాబోవు. రుణదాతల కమిటీలో కూర్చునే హక్కు వాళ్లకు లేదు.

పట్టిక చదివేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఇదీ. సూచికలో రుణదాత పేరు, మొత్తం ఉంటాయి గానీ ఆ అప్పు ఎవరి ఖాతాలో పడిందో ఉండదు. CHG-1కు జతచేసిన పత్రంలో ‘రుణగ్రహీత’ అన్న చోట ఏ పేరుందో చూడాలి. అక్కడ వేరే కంపెనీ పేరుంటే, బ్యాలెన్స్ షీట్‌లోని అప్పుల్లో ఈ మొత్తం ఎక్కడా కనిపించదు. పట్టికలో వందల కోట్ల ఛార్జి, బ్యాలెన్స్ షీట్‌లో చిన్న అప్పు ఉంటే, తేడా ఎక్కడ పోయిందో వెతకాల్సింది అక్కడే. ఫ్లాట్ కొనేవాళ్లు బిల్డర్ ప్రాజెక్టు కంపెనీ ఒక్కటే కాక, దాని మాతృసంస్థ పేరుతో కూడా వెతకడం మంచిది.

మరి నమోదు చేయకపోతే? అప్పు ఎక్కడికీ పోదు, కంపెనీ కట్టాల్సిందే. కానీ కంపెనీ మూతపడి లిక్విడేటర్ వచ్చినప్పుడు ఆ తాకట్టు లెక్కలోకి రాదు. శ్రీ బాలాజీ ప్రింటోప్యాక్ అనే కంపెనీ ఆడీ క్యూ3 కారు కొనడానికి ఫోక్స్‌వ్యాగన్ ఫైనాన్స్ అప్పిచ్చింది. కారు హైపోథికేషన్‌లో ఉంది. కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్లాక ఫైనాన్స్ సంస్థ తాను హామీ ఉన్న రుణదాతనంది. రిజిస్ట్రార్ దగ్గర ఛార్జి నమోదు కాలేదని లిక్విడేటర్ కాదన్నారు. వాహన రిజిస్ట్రేషన్ చూపించినా లాభం లేకపోయింది. 2020 అక్టోబరులో అప్పీలు ట్రిబ్యునల్ లిక్విడేటర్ వైపే తీర్పిచ్చింది. ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉంటే చాలనుకునే ఫైనాన్షియర్లకు ఇది మింగుడుపడని తీర్పు.

కాబట్టి పట్టికలో లేనంతమాత్రాన తాకట్టు లేదని కాదు, ఉన్నంతమాత్రాన అప్పు మిగిలుందనీ కాదు. రెండోది మరీ తరచు ఎదురవుతుంది. అప్పు తీరాక 30 రోజుల్లో CHG-4 వేయాలి, అదనపు రుసుముతో 300 రోజుల దాకా వేయొచ్చు. చిన్న కంపెనీల్లో అకౌంటెంటు మారతాడు, బ్యాంకు శాఖ ఇంకోదాంట్లో కలిసిపోతుంది, నో డ్యూస్ లేఖ ఫైల్లోనే ఉండిపోతుంది. పదిహేనేళ్ల కిందటి 5 లక్షల వ్యాన్ లోన్ ఇంకా ‘ఓపెన్’గానే కనిపిస్తుంది. అలాంటిది చూసి భయపడనక్కర్లేదు, బ్యాంకు నో డ్యూస్ లేఖ అడిగితే సరిపోతుంది. లేఖ కోసం కంపెనీ నెలల తరబడి తిప్పించుకుంటే మాత్రం అనుమానించాలి.

హామీ లేని అప్పులు ఈ చిట్టాలోకి రానే రావు. డైరెక్టర్ల దగ్గర తెచ్చిన డబ్బు, సరఫరాదార్ల బాకీ, జీఎస్టీ బకాయిలు, ప్రమోటర్లు ఇచ్చిన వ్యక్తిగత గ్యారంటీలు ఇవేవీ ఉండవు. ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెడితే అదీ కంపెనీ ఆస్తి కాదు కనుక ఇక్కడ కనిపించదు. లిస్టెడ్ కంపెనీ అయితే దాని వివరం స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్‌లో దొరుకుతుంది.

ఫలానా భూమి లేదా ఫలానా యంత్రం గురించే సందేహమైతే మరో తలుపు తట్టాలి. cersai.org.in లో బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు హామీగా తీసుకున్న ఆస్తుల నమోదు 2011 నుంచి ఉంది. ఆస్తి వివరాలతో గానీ రుణగ్రహీత పేరుతో గానీ కొద్దిపాటి రుసుముకు వెతకొచ్చు. కంపెనీలే కాదు, వ్యక్తుల ఇంటి తాకట్లూ అక్కడ ఉంటాయి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి, దానిపై ఏ కాగితమూ రిజిస్టర్ చేయించకుండా నడిపే తాకట్లు ఈసీలో పడవు, ఇక్కడ దొరికే అవకాశముంది. బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొనేవాళ్లు ఈసీ, రిజిస్ట్రార్ పట్టిక, సెర్సాయ్ మూడూ చూడాలి. ఒకదాంట్లో ఉండి మరొకదాంట్లో లేని తాకట్టు కనిపిస్తే అడ్వాన్స్ ఇచ్చేముందే బిల్డర్‌ను, బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. బ్యాంకు నుంచి ఆ ఫ్లాట్ వరకు తాకట్టు వదిలేస్తున్నట్టు నో అబ్జెక్షన్ లేఖ రాకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లకూడదు.

వార్షిక లెక్కల చివరి పేజీల్లో కూడా ఒక చూపు వేయాలి. 2021 మార్చిలో కార్పొరేట్ వ్యవహారాల శాఖ చేసిన సవరణ ప్రకారం గడువు దాటినా రిజిస్ట్రార్ దగ్గర నమోదు కాని ఛార్జీలుంటే, తీరిపోయినట్టు నమోదు చేయనివి ఉంటే, కంపెనీ వాటి వివరాలు, కారణాలు లెక్కల నోట్స్‌లో రాయాలి. మూడు నెలలకోసారి బ్యాంకుకు ఇచ్చే సరుకు, బాకీల లెక్క తన పుస్తకాలతో సరిపోలుతోందో లేదో కూడా చెప్పాలి. ఈ రెండో నోట్‌ను చాలామంది పట్టించుకోరు. బ్యాంకుకు 40 కోట్ల సరుకు ఉందని చూపించి, పుస్తకాల్లో 31 కోట్లే ఉంటే, మిగతా 9 కోట్ల మీద బ్యాంకు ఇచ్చిన డబ్బుకు వెనక ఏమీ లేనట్టే. తేడాకు కంపెనీ ఏ కారణం రాసిందో చదివి, మరుసటి ఏడాది నోట్‌లోనూ అదే కారణం కనిపిస్తే, ఆ కంపెనీకి సరుకు పంపేవాళ్లు చెక్కు క్లియరయ్యాకే లారీ కదిలించడం మేలు.